వరద విరాళాల పేజీకి శీర్షిక, వివరణ రాయడం ఎలా: లంక గేదెల మేత ఉదాహరణతో

ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ నుంచి వదిలే నీళ్లు 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలు దాటితే రెండోది, 17 లక్షలు దాటితే మూడోది ఇస్తారు. 2022 జూలైలో ఆ లెక్క 25 లక్షలు దాటింది. మూడో హెచ్చరిక వార్త టీవీలో రాగానే హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న కోనసీమ వాళ్లు ఫోన్ తీసి, ఎవరి ద్వారా ఏం పంపాలా అని వెతకడం మొదలుపెడతారు. మీ సంఘం విరాళాల పేజీ వాళ్లకు కనిపించాలి. కనిపించాక నమ్మకం కలగాలి. ఈ రెండు పనులూ ఎక్కువగా పేజీ శీర్షిక, దాని కింద వచ్చే రెండు వాక్యాలు, పేజీలోని మొదటి పేరా మీదే ఆధారపడి ఉంటాయి. వాటిని ఎలా రాయాలో ఒక్క ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చూద్దాం.

ఉదాహరణకు ఒక లంక గ్రామాన్ని ఊహించుకోండి. కాజ్‌వే మునిగింది, రాకపోకలన్నీ పడవల మీదే. మనుషులకు బియ్యం, పాలు, మంచినీళ్లు అందుతున్నాయి. గడ్డిమేట్లు మాత్రం నీళ్లలో నాని కుళ్లిపోయాయి. ఊళ్లో 120 గేదెలు ఏటిగట్టు మీద కట్టేసి ఉన్నాయి. వాటికి పది రోజుల మేత కావాలి. అమలాపురం వైపున్న ఒక రిజిస్టర్డ్ సంఘం ఆ పని నెత్తినెత్తుకుంది. వాళ్ల పేజీని మనం రాస్తున్నాం.

ముందు లెక్క, తర్వాతే రాత

శీర్షిక గురించి ఆలోచించే ముందు కాగితం మీద లెక్క వేయండి. లెక్క లేని పేజీకి ఎంత మంచి శీర్షిక పెట్టినా అది గాలి మాటలాగే ఉంటుంది.

పెద్ద గేదెకు పచ్చిమేత దొరకనప్పుడు రోజుకు ఏడు కిలోల ఎండుగడ్డి చొప్పున వేసుకుందాం. 120 గేదెలకు పది రోజులకు 8,400 కిలోలు అవుతుంది. కిలో 8 రూపాయలు పడిందనుకుంటే గడ్డికి 67,200. గడ్డి బరువు తక్కువైనా చోటు ఎక్కువ తింటుంది కాబట్టి ట్రాక్టరు నాలుగు ట్రిప్పులు తిరగాలి. ట్రిప్పుకు 3,500 చొప్పున 14,000. రేవు నుంచి లంకకు పడవలకు 12,000, ఎత్తి దించే కూలీలకు 5,000. మొత్తం 98,200. దీన్ని 120తో భాగిస్తే ఒక గేదెకు 818 రూపాయలు. సులభంగా ఉండేలా 820 అనుకుందాం. ఈ ధరలు ఉదాహరణ కోసం వేసినవి. మీరు ఆ రోజు గడ్డి అమ్మేవాడితో, పడవ వాళ్లతో మాట్లాడి అసలు ధరలు వేసుకోండి. పేమెంట్ గేట్‌వే ద్వారా తీసుకుంటే వాళ్లు పట్టుకునే కమిషన్ కూడా ఇందులో కలపాలి.

మనకు అన్నిటికంటే ఉపయోగపడేది ఈ 820. "లక్ష రూపాయలు కావాలి" అంటే చదివేవాళ్లకు తమ వంతు ఎంతో తెలియదు. "820 రూపాయలకు ఒక గేదెకు పది రోజుల మేత" అంటే వెంటనే తెలుస్తుంది. పైగా ఆ అంకెను ఎవరైనా సరిచూసుకోవచ్చు. పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లు ఏడు కిలోలు సరిపోతుందా అని మనసులో లెక్క వేసుకుంటారు. ఆ లెక్క కుదిరితే మీరు పని తెలిసినవాళ్లని వాళ్లకు అర్థమవుతుంది.

ఈ దశలోనే ఇంకో పని ఉంది. పశుసంవర్ధక శాఖ వాళ్లు ఆ ఊరికి దాణా గానీ గడ్డి గానీ పంపుతున్నారేమో స్థానిక పశువుల ఆసుపత్రిలో కనుక్కోండి. పంపుతుంటే అది పోగా మిగిలిన లోటుకే విరాళం అడగండి, ఆ మాట పేజీలో రాయండి. దాచిపెడితే ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. అప్పుడు ఎంత వివరణ ఇచ్చినా సంజాయిషీలాగే కనిపిస్తుంది.

జనం ఏ మాటలతో వెతుకుతారు

ఇక్కడే చాలామంది పొరబడతారు. మన అవసరం గేదెల మేత. కానీ "గేదెల మేతకు విరాళం" అని వెతికేవాళ్లు చాలా తక్కువ. జనం వెతికేది వరద సాయం గురించి. అంటే శీర్షికలో మొదటి భాగం వాళ్లు టైప్ చేసే మాట కావాలి, రెండో భాగం మన అసలు పని కావాలి. మొదటిది మాత్రమే పెడితే బియ్యం పంచుతున్నారనుకుని వచ్చి మేత చూసి వెళ్లిపోతారు. రెండోది మాత్రమే పెడితే అసలు ఎవరూ రారు.

జనం టైప్ చేసే మాట తెలుసుకోవడానికి డబ్బు కట్టే టూల్స్ అక్కర్లేదు. ఫోన్‌లో ప్రైవేట్ విండో తెరిచి గూగుల్‌లో "గోదావరి వరద" అని కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు రాసుకోండి. తర్వాత ఇంగ్లిష్ అక్షరాల్లో `godavari flood`, `konaseema flood` అని కొట్టి మళ్లీ రాసుకోండి. మన వాళ్లు తెలుగులో మాట్లాడినా టైప్ చేసేది చాలాసార్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే. గూగుల్ ట్రెండ్స్‌లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని 2022 జూలై నెలను చూస్తే, వరద సమయంలో ఏ మాటకు వెతుకులాట పెరిగిందో పోల్చుకోవచ్చు. చిన్న మాటలకు అక్కడ డేటా చూపించదు. అది ఆ టూల్ పరిమితి. దాన్ని బట్టి ఆ మాటను ఎవరూ వెతకరని అనుకోకండి.

ఊరి పేర్ల విషయంలో మన డెల్టాకు రెండు చిక్కులున్నాయి. ఒకటి లంక. తెలుగులో "లంక గ్రామాలు" అంటే మనకు సందేహం లేదు. ఇంగ్లిష్‌లో `lanka flood relief` అని శీర్షిక పెడితే మీ పేజీ శ్రీలంక వరదల వార్తల మధ్యలో పడుతుంది. అక్కడి పెద్ద సంస్థలతో పోటీ పడి పైకి రాలేదు. వచ్చినా అది చూసేది మీకు అక్కర్లేని మనిషి. అందుకని ఇంగ్లిష్ పేజీలో `Konaseema`, `Godavari` ముందు రావాలి. లంక ఊరి పేరు లోపల వివరంలో వస్తే చాలు.

రెండోది జిల్లా పేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక కోనసీమ వేరే జిల్లా అయింది. కానీ ఊరు వదిలి ఇరవై ఏళ్లయినవాళ్లకు అది ఇప్పటికీ తూర్పు గోదావరే. వాళ్లు ఆ పేరుతోనే వెతుకుతారు. శీర్షికలో కోనసీమ పెట్టండి. వివరణలో ఒక్కసారి "పాత తూర్పు గోదావరి జిల్లా" అని రాయండి. అంతకంటే వద్దు. ఊళ్ల పేర్లన్నీ వరసగా పేర్చి అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం, పి.గన్నవరం అని కుక్కితే గూగుల్‌కు అది స్పామ్‌లా, దాతకు దొంగ పేజీలా కనిపిస్తుంది. ఈ రెండో నష్టమే పెద్దది.

శీర్షిక

సంఘాల పేజీల్లో తరచుగా కనిపించే శీర్షిక ఇలా ఉంటుంది: "ఆపదలో ఉన్న మూగజీవాలను ఆదుకోండి!!!" మనసు మంచిదే. కానీ ఊరు లేదు, నది లేదు, ఏ ఆపదో లేదు, ఎవరు అడుగుతున్నారో లేదు. ఇందులో జనం టైప్ చేసే మాట ఒక్కటీ లేదు. మూడు ఆశ్చర్యార్థకాలు మాత్రం ఉన్నాయి, అవి ఉన్న నమ్మకాన్ని కూడా తగ్గిస్తాయి.

దాన్ని "గోదావరి వరద బాధితులకు సాయం చేయండి" అని మార్చామనుకోండి. వెతికే మాట వచ్చింది. కానీ ఇదే శీర్షికతో ఎన్నో పేజీలుంటాయి. మనది ఎందుకు నొక్కాలో దాతకు తెలియదు. పైగా మనం మేత కొంటున్నాం కాబట్టి "బాధితులకు" అనడం పూర్తి నిజం కూడా కాదు.

ఇప్పుడు రెండూ కలిపి, పేజీ కోడ్‌లో ఉండాల్సిన రూపంలో రాద్దాం:

```html
<title>గోదావరి వరద సాయం: కోనసీమ లంక గేదెలకు మేత | సంఘం పేరు</title>
```

చివర "సంఘం పేరు" అన్నచోట మీ సంఘం అసలు పేరు వస్తుంది. ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్నది ముఖ్యం. శీర్షికకు ఇన్ని అక్షరాలే ఉండాలని గూగుల్ నియమం పెట్టలేదు. తెర వెడల్పులో పట్టినంత చూపించి మిగతాది కత్తిరిస్తుంది. తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ కంటే ఎక్కువ చోటు తింటాయి. కాబట్టి ఇంగ్లిష్ సలహాల్లో చెప్పే 60 అక్షరాల లెక్క మనకు కుదరదు. నది, వరద, సాయం అన్న మాటలు మొదట ఉంటే చివర కత్తిరించినా నష్టం లేదు. సంఘం పేరు మొదట పెట్టాలని అధ్యక్షుల వారు పట్టుబడితే, ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో తెర మీద చూపించండి. వాదన అక్కడితో ఆగిపోతుంది.

సంఘం పేరు విషయంలో ఒక్క సంగతి మాత్రం వదలకండి. దాత యూపీఐలో డబ్బు పంపే ముందు ఆ యాప్‌లో ఖాతాదారు పేరు కనిపిస్తుంది. శీర్షికలో ఒక పేరు, యూపీఐ తెర మీద ఇంకెవరో వ్యక్తి పేరు ఉంటే అక్కడే వేలు ఆగిపోతుంది. నా దృష్టిలో విరాళాలు చివరి మెట్టు మీద ఆగిపోవడానికి ఇది పెద్ద కారణం. ఖాతా పేరు సంఘం రిజిస్ట్రేషన్ పేరైతే శీర్షికలోనూ అదే రాయండి, ముద్దు పేరు వద్దు. రెండూ వేరుగా ఉండక తప్పకపోతే "డబ్బు పంపేటప్పుడు ఈ పేరు కనిపిస్తుంది" అని బటన్ పక్కనే ముందుగా చెప్పండి.

శీర్షికలో ఏడాది పెట్టాలా? పెడితే మంచిదే, దాత పాత పేజీ అనుకోడు. కానీ తర్వాతి ఏడాది దాన్ని మార్చేవాళ్లు ఉండాలి. శీర్షికలో పాత ఏడాది ఉండి పేజీలోని పెద్ద హెడ్డింగ్‌లో కొత్తది ఉంటే గూగుల్ మీ శీర్షికను పక్కనపెట్టి హెడ్డింగ్‌నే చూపించవచ్చు. మార్చేవాళ్లు లేరనుకుంటే శీర్షికలో ఏడాది వదిలేసి, పేజీలో "చివరిసారి మార్చిన తేదీ" వేయండి. ఏదైనా సరే, `<title>`లో రాసిన మాట, పేజీ పైన `<h1>`లో కనిపించే మాట దాదాపు ఒకటే ఉండాలి. రెండూ పొసగకపోతే గూగుల్ తనకు తోచింది ఎంచుకుంటుంది.

ఇంగ్లిష్ పేజీ వేరుగా ఉండాలి. ఒకే శీర్షికలో రెండు భాషలు ఇరికిస్తే రెండూ కత్తిరింపులో పోతాయి. దాని శీర్షిక తెలుగుకు మాటకు మాట అనువాదం కానక్కర్లేదు:

```html
<title>Godavari Flood Relief: Cattle Fodder for Konaseema Villages</title>
```

వెతికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇంగ్లిష్ పేజీ పనికొస్తుంది. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది తెలుగు పేజీ. ఒక్కదానికే సమయం ఉంటే, మీ దాతలు ఎక్కడున్నారో చూసి అది ముందు రాయండి.

వెతుకులాటలో కనిపించే రెండు వాక్యాలు

శీర్షిక కింద వచ్చే చిన్న వివరణను మెటా డిస్క్రిప్షన్ అంటారు. దీని వల్ల ర్యాంకు పెరగదు, గూగులే ఆ మాట చెప్పింది. నొక్కాలా వద్దా అన్న నిర్ణయానికి మాత్రం ఇదే ఆధారం. కొన్నిసార్లు గూగుల్ దీన్ని వదిలేసి పేజీలోంచి ఒక వాక్యం తీసుకుంటుంది. అందుకే ఇందులో ఉన్న సమాచారం పేజీ మొదటి పేరాలో కూడా ఉండాలి. అప్పుడు ఏది తీసుకున్నా మనకు నష్టం లేదు.

```html
<meta name="description" content="వరదలో చిక్కిన 120 గేదెలకు 10 రోజుల ఎండుగడ్డి. ఒక గేదెకు రవాణాతో కలిపి రూ. 820. కోనసీమలో రిజిస్టర్డ్ సంఘం. బిల్లులు ఇదే పేజీలో.">
```

ఇందులో విశేషణాలు లేవు, చూడండి. "హృదయవిదారకం", "దయనీయం" లాంటి మాటలకు బదులు అంకెలున్నాయి. దాతకు జాలి లేదని కాదు. జాలి ఉండబట్టే వెతుకుతున్నాడు. ఇప్పుడు అతనికి కావలసింది మోసపోననే ధైర్యం. "బిల్లులు ఇదే పేజీలో" అన్న మూడు మాటలు ఆ ధైర్యం ఇస్తాయి. అయితే అలా రాశాక బిల్లులు నిజంగా పెట్టాలి. పెట్టే ఓపిక లేకపోతే ఆ వాక్యం తీసేయండి.

పేజీలో మొదటి పేరా

నొక్కి లోపలికి వచ్చినవాళ్లు ఫోన్ తెర మీద మొదట చూసేది ఇది. కథ తర్వాత చెప్పవచ్చు. ముందు ఎక్కడ, ఎప్పుడు, ఏం కావాలి, ఎంత, మీరెవరు, మిగిలితే ఏం చేస్తారు అన్నవి రావాలి. మన ఉదాహరణకు ఇలా రాస్తాను:

"జూలై 18 నుంచి మా పక్క లంక గ్రామానికి దారి లేదు. పాత తూర్పు గోదావరి, ఇప్పటి కోనసీమ జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో 120 గేదెలు ఏటిగట్టు మీద ఉన్నాయి. గడ్డిమేట్లు మునిగిపోయాయి. పది రోజులకు 8,400 కిలోల ఎండుగడ్డి కావాలి. గడ్డి, ట్రాక్టరు, పడవ, కూలీ కలిపి 98,200 రూపాయలు. అంటే ఒక గేదెకు సుమారు 820. గేదెల సంఖ్య పశువుల ఆసుపత్రి వాళ్లు లెక్కించినది. మా సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదైంది, నంబరు కింద ఉంది. డబ్బు సంఘం బ్యాంకు ఖాతాకే వస్తుంది. అనుకున్న మొత్తం రాగానే సేకరణ ఆపేస్తాం. ఏమైనా మిగిలితే అదే ఊరి గేదెలకు దాణా కొంటాం."

చివరి రెండు వాక్యాలు చాలా పేజీల్లో ఉండవు. వరద తగ్గాక మిగిలిన డబ్బు ఏమైందన్న ప్రశ్న ప్రతి ఊళ్లోనూ వస్తుంది. డబ్బు రాకముందే జవాబు రాసిపెడితే ఆ ప్రశ్న గొడవ దాకా పోదు. పశువుల ఆసుపత్రి వాళ్లు నిజంగా లెక్కించి ఉంటేనే ఆ మాట రాయాలని వేరే చెప్పక్కర్లేదు. డాక్టరు గారి ఫోన్ నంబరు, రైతుల ఆధార్ కాగితాలు పేజీలో పెట్టకండి. రుజువు అనుకుని పెట్టేస్తారు, అది వాళ్లకు ప్రమాదం.

మీది రిజిస్ట్రేషన్ లేని కుర్రాళ్ల గుంపు అయితే ఆ సంగతి అలాగే రాయండి. "మాకు రిజిస్ట్రేషన్ లేదు. ఇద్దరి సంతకాలతో నడిచే ఉమ్మడి ఖాతాకు డబ్బు వస్తుంది" అంటే నమ్మేవాళ్లు ఉంటారు. లేని "ట్రస్ట్" పేరు తగిలించుకుంటే ఒక్కరు సరిచూసినా మొత్తం పోతుంది.

పన్ను మినహాయింపు గురించి ఒక వాక్యం

విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే సెక్షన్ పేరు "80జీ". దాతలు వెతికే మాటల్లో అదొకటి. మీ సంఘానికి ఆ ఆమోదం ఉంటే వివరణలో తప్పకుండా రాయండి. కానీ "100 శాతం పన్ను మినహాయింపు" అని రాయకండి. మామూలు స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చిన విరాళంలో సగానికే మినహాయింపు వస్తుంది, దానికీ ఆదాయాన్ని బట్టి పరిమితి ఉంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఇది వర్తించదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు లేదు. మేత కోసం గడ్డి మోపులే ఇచ్చినవాళ్లకూ రాదు, ఎందుకంటే వస్తురూపంలో ఇచ్చినదానికి ఈ మినహాయింపు లేదు. కాబట్టి "80జీ ఆమోదం ఉంది, పాన్ ఇచ్చినవాళ్లకు సర్టిఫికెట్ పంపుతాం" అంటే సరిపోతుంది. ఆమోదానికి గడువు ఉంటుంది, ఉత్తర్వులో తేదీ చూసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి. రసీదు మీద ఏ నంబరు వేయాలో మీ ఆడిటర్‌ని అడగండి.

ఇక విదేశాల్లో ఉన్నవాళ్ల సంగతి. డెల్టాలో ప్రతి ఊరికీ అమెరికాలో పిల్లలున్నారు కాబట్టి ఇది వదలడానికి లేదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓసీఐ కార్డు ఉన్నా విదేశీయుల కిందే లెక్క. వాళ్ల దగ్గర తీసుకోవాలంటే సంఘానికి విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే పేజీలో, ముఖ్యంగా ఇంగ్లిష్ పేజీలో, "భారత పౌరుల నుంచి మాత్రమే" అని బటన్ పైనే రాయండి. ఇలా రాస్తే కొంత డబ్బు పోతుంది. రాయకపోతే సంఘమే చిక్కుల్లో పడుతుంది.

వాట్సాప్‌లో కనిపించే బొమ్మ, మాటలు

నిజానికి మీ లింకు గూగుల్ కంటే వాట్సాప్‌లోనే ఎక్కువ తిరగవచ్చు. అక్కడ కనిపించే చిన్న పెట్టెకు మాటలు పేజీ కోడ్‌లోని `og:title`, `og:description` నుంచి, బొమ్మ `og:image` నుంచి వస్తాయి. శీర్షికలో ఉన్న మాటలే ఇక్కడా వాడండి. వేరుగా ఉంటే నకిలీ లింకు అనుకుంటారు.

బొమ్మ మాత్రం ఈ వరదదే, ఆ ఊరిదే కావాలి. పాత వరద ఫొటో గ్రూపుల్లో మళ్లీ తిరుగుతుంటుంది. అనుమానం వచ్చినవాళ్లు గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే పాతదని తేలిపోతుంది. గట్టు మీద గేదెలు, వెనక నీళ్లు, పడవలో గడ్డి మోపులు ఉన్న ఫొటో ఫోన్‌తో తీసింది చాలు. ఏడుస్తున్న మనుషుల ముఖాలు పెట్టకండి. రేపు వాళ్ల పిల్లలు కూడా ఆ పేజీ చూస్తారు.

వివరణ మార్చాక వాట్సాప్‌లో పాతదే కనిపిస్తోందని చాలామంది కంగారు పడతారు. అది ముందు దాచుకున్న కాపీ. లింకు చివర `?v=2` తగిలించి పంపితే కొత్తది వస్తుంది. ఫేస్‌బుక్‌లో అయితే `Sharing Debugger`లో లింకు పెట్టి `Scrape Again` నొక్కాలి.

ఇంకొకటి, జనం మీ పోస్టరు తీసుకుని క్యూఆర్ కోడ్ మార్చి తిప్పే ప్రమాదం ఉంది. పేజీలో క్యూఆర్ పక్కన "డబ్బు తీసుకునేది ఈ పేజీలో మాత్రమే, ఖాతా పేరు ఇదీ" అని రాయండి. పోస్టరు మీద క్యూఆర్ బదులు పేజీ అడ్రసే వేయడం నాకు మంచిదనిపిస్తుంది.

పేజీ ఎప్పుడు పెట్టాలి, పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నీళ్లు వచ్చాక కొత్త వెబ్‌సైట్ మొదలుపెడితే గూగుల్ దాన్ని చూసేసరికి నీళ్లు తీసిపోవచ్చు. సంఘానికి ఇప్పటికే సైట్ ఉంటే అందులోనే `/godavari-flood-relief/` అని ఒక శాశ్వత పేజీ పెట్టండి. అడ్రసులో ఏడాది వద్దు. జూన్‌లోనే పెట్టి, వరద లేని రోజుల్లో గత ఏడాది లెక్కలు అందులో ఉంచండి. వరద వచ్చిన రోజు పైన చెప్పిన శీర్షిక, వివరణ, మొదటి పేరా మార్చి, సైట్ నడిపేవాళ్లకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ టూల్‌లో `URL Inspection` తెరిచి `Request Indexing` నొక్కండి. ఇది విన్నపమే తప్ప హామీ కాదు. అయినా పాత పేజీని గూగుల్ కొత్తదాని కంటే త్వరగా చూసే అవకాశం ఎక్కువ.

రెండు మూడు రోజుల తర్వాత సెర్చ్ కన్సోల్‌లో `Queries` చూడండి. పేజీ చాలాసార్లు కనిపించి నొక్కడం తక్కువగా ఉంటే తప్పు వివరణలో ఉండవచ్చు. అసలు కనిపించకపోతే ముందుగా పేజీ గూగుల్‌లోకి ఎక్కిందో లేదో చూసి, ఎక్కి ఉంటే శీర్షికలోని మాటల గురించి ఆలోచించండి. శ్రీలంక మాటలతో కనిపిస్తుంటే ఎక్కడో `lanka` ఒంటరిగా రాశారు. నొక్కి వచ్చి కూడా ఇవ్వకుండా పోతుంటే మొదటి పేరానో, ఖాతా పేరో చూసుకోవాలి.

దీనికంటే మంచి కొలత మీ ఫోన్. కాల్ చేసినవాళ్లు అడిగే ప్రశ్నలు ఒక కాగితం మీద రాయండి. "గడ్డి ఎక్కడ కొంటున్నారు?" అని పదే పదే అడుగుతుంటే ఆ జవాబు పేజీలో లేదన్నమాట. ఆ సాయంత్రమే ఒక వాక్యం కలపండి, మర్నాటికి ఆ ప్రశ్న తగ్గుతుంది.

మొత్తం అందిన రోజు విరాళాల బటన్ తీసేసి శీర్షికను "కోనసీమ లంక గేదెల మేత: సేకరణ పూర్తయింది, లెక్కలు" అని మార్చండి. పేజీని మాత్రం తొలగించకండి. గడ్డి బిల్లులు, పడవ రసీదులు ఫొటోలు తీసి, వాటిపై ఉన్న ఫోన్ నంబర్లు, సొంత వివరాలు కనబడకుండా చేసి పెట్టండి. వచ్చింది 98,400, ఖర్చు 97,650 అయితే మిగిలిన 750కి ఎంత దాణా కొన్నారో కూడా అక్కడే వేయండి. వచ్చే ఏడాది మూడో హెచ్చరిక వచ్చినప్పుడు మీ సంఘం పేరు కొట్టి వెతికేవాళ్లకు మొదట దొరకాల్సింది ఈ లెక్కల పేజీయే.